పక్కన పెట్టిన పొడి

ఆరోజు ఇంట్లో పెద్దమ్మ, వదిన, సిలిండరు తెచ్చి కబుర్లలో పడ్డ గ్యాసాయన, నేను. వంటామెకి జ్వరం.

పెద్దమ్మ ఓ ఆఫీసుకి మధ్యాహ్న భోజనాలు పంపుతుంది. చదువు కోసం వాళ్ళింటికొచ్చిన నాకు మేడ మీద గది ఇచ్చారు. పగలంతా కింద వంటింట్లో నవ్వులు వినబడతాయి. అవి వింటూ పుస్తకం తెరిచి కూర్చుంటాను.

"సాంబారూ చారూ నీకు వచ్చా, మూగమ్మా?" అంది పెద్దమ్మ, నా గది గుమ్మంలోకి వచ్చి. తలూపాను. "బాగా చేశావంటే రోజూ సాయానికి పిలుస్తా."

ఆ మాటకి మెట్లు ఎలా దిగానో తెలియదు.

మా ఊరి బడిలో నాకు స్నేహితులు లేరు. భోజనాలు వండే ఆయా పక్కన కూర్చునేదాన్ని. కప్పు పప్పుకి రెండు పెద్ద చెంచాల సాంబారు పొడి అని ఆవిడే నేర్పింది. పెద్ద గిన్నెలో నీళ్ళు అంతగా ఇగిరిపోవు కాబట్టి ముందే తగ్గించి పోయాలనీ, పొడి కూడా లెక్క ప్రకారం మొత్తం వేసేయకూడదనీ చెప్పింది. పది కప్పుల పప్పుకి ఇరవై చెంచాలు కొలిచి, పద్నాలుగు వేశాను. మిగతాది చిన్న గిన్నెలో పక్కన పెట్టాను, మరిగాక రుచి చూసి వేద్దామని.

చారుకి పప్పు కొంచెమే. పొడి పప్పుని బట్టి కాదు, నీళ్ళని బట్టి. అక్కడా కాస్త తగ్గించే వేశాను.

చింతపండు పిప్పి పారేసి వచ్చేసరికి వదిన చిన్న గిన్నెని సాంబారులో బోర్లిస్తోంది.

"పొడి సగం ఇక్కడే మరిచిపోయావేంటమ్మాయ్! నేను చూశాను కాబట్టి సరిపోయింది."

ఖాళీ గిన్నె అందుకుని గట్టు మీద పెట్టాను.

కాసేపటికి పెద్దమ్మ గరిటెతో అరచేతిలో వేసుకుని నాకింది.

"అబ్బ! ఇది సాంబారా, కషాయమా? ఎంత వేశావే?"

"పాపం, పొడి తన సొమ్ము కాదుగా," అన్నాడు గ్యాసాయన. పెద్దమ్మ నవ్వింది. వదిన కూడా నవ్వబోయి, ఖాళీ గిన్నెకేసి చూసి ఆగిపోయింది.

చెబుతుందేమోనని తన ముఖంలోకి చూశాను. తను కుక్కరు కడగడానికి వెళ్ళింది.

ఇంకో మూడు కప్పుల పప్పు ఉడికించి, చింతపండు రసం, నీళ్ళు, ఉప్పు చేర్చి సాంబారుని దారికి తెచ్చారు. చారు రుచి చూసి పెద్దమ్మ "ఇది బాగుంది" అంది. ఎవరు పెట్టారో గుర్తున్నట్టు లేదు.

"నువ్వు పైకెళ్ళి చదువుకో తల్లీ. రేపటికి ఇంకెవరినైనా చూస్తాలే."

గడప దాటాను. వెనకే వదిన వచ్చింది. "ఏమనుకోకమ్మాయ్," అంది, చాలా మెల్లగా, లోపలికి వినబడకుండా.

"పెద్దమ్మకి చెప్తావా?" అన్నాను. ఆరోజు నేనన్న మొదటి మాట అదే.

వదిన వెనక్కి ఒకసారి చూసి, తలుపు వేసేసింది.