కత్తెరమ్మ గ్లాసు నీళ్ళు

వాషింగ్ మెషిన్లు బాగుచేసే సర్వీస్ సెంటర్లో ఫిర్యాదుల కౌంటరు దగ్గర కూర్చునే పిల్లను అందరూ కత్తెరమ్మ అనేవారు. చెడ్డపిల్లేం కాదు, మనసు వెన్నపూసే. కాకపోతే ఎదుటివాళ్ళు మాట మొదలుపెట్టేసరికి ఈమె దాన్ని కత్తిరించి, మిగతా సగం తనే కుట్టేసేది. "మా మెషిన్..." అనగానే "నీళ్ళు వదలట్లేదా? పైపు చూడండి!" అనేది. వాళ్ళది నీళ్ళ గొడవే కాదు, తలుపు గొడవ. మాట నోట్లోనే మిగిలిపోయి, ఉడుక్కుంటూ వెళ్ళేవారు.

చివరికి మేనేజరమ్మ పిలిచి చెప్పింది. "నీ మీద ఇంకొక్క మాట వచ్చిందంటే వెనక గోడౌన్లో నట్లూ బోల్టులూ సర్దుకుందువుగాని."

గోడౌనంటే ఆ పిల్లకు హడలు. నట్లతో ఏం మాట్లాడుతుంది, పాపం!

"నేనేం చెయ్యనక్కా? నోరు దానంతటదే తెరుచుకుంటుంది."

"గ్లాసుతో నీళ్ళు పెట్టుకో. వాళ్ళు ఆపగానే ఒక గుక్క తాగు, అప్పుడు మాట్లాడు. విన్నది వాళ్ళకే తిరిగి చెప్పి, అంతేనా అని అడుగు."

చెప్పినంత తేలికేం కాదది. మర్నాడు పొద్దున్నే ఒకావిడ వచ్చి, "నా చీరలన్నీ రంగు కలిసిపోయాయి, నా ఖర్మ!" అంది. కత్తెరమ్మ బుద్ధిగా గుక్క మింగి, "మీ చీరలన్నీ రంగు కలిసిపోయాయి, మీ ఖర్మ. అంతేనా అండీ?" అంది.

"ఏమే, వెక్కిరిస్తున్నావా?" అని ఆవిడ చెయ్యెత్తినంత పని చేసింది.

మేనేజరమ్మ పరుగున వచ్చి ఆవిడను సముదాయించి పంపి, నెత్తి కొట్టుకుంది. "చిలక పలుకులు కావే తల్లీ! అర్థం చెప్పాలి, నీ మాటల్లో. ఆవిడ ఇష్టపడి కొనుక్కున్న చీరలు పాడయ్యాయని బాధపడుతోంది. చెప్పాల్సింది ఆ బాధ. తప్పుగా చెప్పినా ఫరవాలేదు, వాళ్ళే దిద్దుతారు. ఇదే ఆఖరు, చెబుతున్నా."

మధ్యాహ్నం రిటైరైన బస్సు డ్రైవరొకాయన వచ్చాడు. ఆయన తరచూ వచ్చేవాడే. మెషిన్ మోత పెడుతోందంటాడు, మెకానిక్ వెళ్ళి బట్టలు వెయ్యకుండా ఉత్తి మెషిన్ తిప్పి చూసి, బాగానే ఉందని చెప్పి వస్తాడు.

"అమ్మాయ్, మళ్ళీ అదే మోత," అన్నాడు.

'మెకానిక్ బాగుందన్నాడు కదండీ' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. గభాలున గ్లాసెత్తింది. పొద్దుట్నుంచీ తాగిన నీళ్ళకు కడుపు కుండలా ఉంది, అయినా గుక్కెడు పోసుకుని నోరు మూసుకుంది. ఆయన కాసేపు కౌంటరు మీద వేలితో గీతలు గీసి, తనే మళ్ళీ మొదలుపెట్టాడు.

"దుప్పట్లు వేస్తేనే వస్తుందమ్మా. ఆఖర్న గిరగిరా తిరిగేటప్పుడు గది ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచొస్తుంది, దెయ్యంలా. కింద వాటా అక్కగారు చీపురు కర్రతో పైకి పొడుస్తుంది. ఇదివరకు సాయంత్రం ఇద్దరం కూర్చుని టీ తాగేవాళ్ళం."

దుప్పట్లు! ఆ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం? ఎవరు చెప్పనిచ్చారు కనక! కత్తెరమ్మకు సిగ్గేసింది. ఇంకో గుక్క మింగింది.

"అంటే బాబాయిగారూ, బరువు పడితేనే మెషిన్ ఊగిపోతోంది. దాంతో కిందావిడకు కోపమొచ్చి మాట్లాడ్డం మానేసింది, మీకదే కష్టంగా ఉంది. అంతేనా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "మొదటిది అంతే. రెండోది కాదు. ఆవిడ మాట్లాడుతుంది. నేనే మొహం చెల్లక మెట్ల మీద ఆవిడ అలికిడైతే తప్పుకుంటున్నా."

"ఓహో. తప్పించుకుంటున్నది మీరన్నమాట."

"అదీ!" అన్నాడాయన, బస్సు సరిగ్గా స్టాపులో ఆపినంత తృప్తిగా.

అప్పటికప్పుడు మెకానిక్‌ను పిలిచి, దుప్పట్లు వేసి మరీ తిప్పి చూడమని, మెషిన్ కాళ్ళు నాలుగూ నేలకు సమంగా ఆనాయో లేదో సరిచేయమని పంపింది. ఒక కాలు గాల్లోనే ఉందట, బిగించి వచ్చాడు.

మర్నాడు డ్రైవరుగారు కత్తెరమ్మ వంక చూడనైనా చూడకుండా, నేరుగా మేనేజరమ్మ ముందు నిలబడ్డాడు.

"మీ కౌంటరు పిల్ల గురించి చెబుదామని..."

కత్తెరమ్మ కళ్ళ ముందు గోడౌన్లో నట్లన్నీ గిర్రున తిరిగాయి.

"అయ్యో, మళ్ళీ నోరు జారిందా! క్షమించండి, దాన్ని ఇవాళే..." అని అందుకుంది మేనేజరమ్మ.

కత్తెరమ్మ మెల్లగా లేచి వెళ్ళి, నిండు గ్లాసు మేనేజరమ్మ ముందుకు జరిపింది.

మేనేజరమ్మ గ్లాసు వంక చూసింది. పిల్ల వంక చూసింది. గ్లాసెత్తి ఒక గుక్క తాగింది.

"నిన్న సాయంత్రం టీ తాగామండీ, కింద అక్కగారూ నేనూ," అన్నాడు డ్రైవరుగారు. "ఆ మాట ఈ పిల్లకు చెబుదామంటే, తనను గోడౌన్‌కు పంపేస్తారని నిన్న మెకానిక్ అన్నాడు, అందుకే ముందు మిమ్మల్ని అడుగుదామనుకున్నా. ఇక్కడే ఉంటుందిగా?"

మేనేజరమ్మ ఇంకో గుక్క తాగింది. "అంటే ఈ పిల్లను కౌంటరు దగ్గరే ఉంచమంటారు. అంతేనా?"

"అదీ!" అన్నాడాయన.

కత్తెరమ్మకు చెప్పవలసినవి నోటినిండా ఉన్నాయి గానీ, తాగిన నీళ్ళన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చి, ఒక్క మాటైనా అనకుండా బాత్రూమ్ వైపు పరుగెత్తింది.