మా ఆయన సాక్ష్యం

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఒక అద్దాల బిల్డింగులో ఆరో అంతస్తు మాది. అంటే కొనుక్కున్నామని కాదు, తుడిచేది మేమని. నేనూ, మా ఆయన రాజేందరూ ఒకే ఏజెన్సీ, ఒకే షిఫ్టు. మాపు పెట్టాలి, బల్లలు తుడవాలి, చెత్త సంచులు మోయాలి, బాత్రూములు కడగాలి. ఆయన మగవాళ్లవి, నేను ఆడవాళ్లవి. కంపులో తేడా ఏమీ లేదు. జీతం మాత్రం ఆయనకు నాకన్నా రెండు వేలు ఎక్కువ.

ఎవరికొచ్చినా ఇంటికే కదా అని ఊరుకున్నాను. కానీ కొత్తగా చేరిన శ్యామ్‌కు మాపు పట్టడం నేర్పింది నేను. నెల తిరిగేసరికి అతని జీతం కూడా నాకన్నా ఎక్కువే. ఒళ్లు మండింది. సూపర్‌వైజర్ నరేందర్‌ను అడిగితే, "ఆడోళ్ల రేటు గంతే అక్కా" అని నవ్వాడు. ఆ నవ్వు లేకపోతే నేను లేబరాఫీసు మెట్లెక్కేదాన్నే కాదు.

నాచేత దరఖాస్తు పెట్టించింది కార్మిక సంఘంలో పనిచేసే ఉమాశ్రీ. "ఒకే యజమాని దగ్గర ఒకే తీరు పని చేస్తే, ఆడమనిషివని తక్కువ ఇవ్వడానికి లేదు. సమానం చేస్తామని మగవాళ్ల జీతం కోయడానికీ లేదు. పెంచాల్సింది నీదే" అంది. ఆ చివరి ముక్క మా ఆయనకు రెండుసార్లు చెప్పాను.

"నాది తగ్గకుంటే నాకేం ఫికర్? అడుగు" అన్నాడు.

నోటీసు అందగానే ఏజెన్సీ మగవాళ్లందరి గుర్తింపు కార్డుల మీదా హోదా మార్చేసింది. వాళ్లు రాత్రికి రాత్రి మెషీన్ ఆపరేటర్లయ్యారు. బిల్డింగు మొత్తానికి ఉన్నది ఒకటే నేల కడిగే మెషీన్. దాన్ని శనివారం శనివారం నడిపేది నేనే. శ్యామ్ వేరే పని చూసుకుని వెళ్లిపోయాడు. మిగతా ఆడవాళ్లు "ఉన్న పని పోతది జ్యోతీ" అని తప్పుకున్నారు. ఇక నాకున్న సాక్షి మా ఆయనొక్కడే.

విచారణ చేసిన అధికారి మంచి మనిషి. ఏజెన్సీ వకీలు కార్డులు చూపించబోతే ఆవిడ ఆపింది.

"కార్డు మీద ఏముందో నాకనవసరం. రోజూ నిజంగా చేసే పనేంటో కావాలి. చిన్నాచితకా తేడాలు లెక్కలోకి రావు" అని మా ఆయన వైపు తిరిగింది. "మీరూ, మీ భార్యా చేసేది ఒకటే పనా?"

ఇక గెలిచినట్టే అనుకున్నాను. వెనక నరేందర్, మా బిల్డింగులోనే తుడిచే మగవాళ్లు ఇద్దరు నిలబడి ఉన్నారు. మా ఆయన వాళ్లను చూశాడు.

"కాదు మేడం. రోజు మెషీన్ నడిపేది నేను. బరువులు మోసేది నేను. బాత్రూములు ఆమె కడుగుతది. ఆడోళ్లతోని మెషీన్ కాదు."

"అబద్ధం మేడం! అది నడిపేది నేను!" అని అరిచాను.

వకీలు మెషీన్ రిజిస్టరు ముందుపెట్టాడు. నేను నడిపిన శనివారాల్లో కూడా అన్నీ మగవాళ్ల సంతకాలే. నా తరఫున ఇంకెవరైనా చెప్తారా అని ఆవిడ అడిగింది. ఎవరున్నారు? "మీ మాటా రాసుకుంటానమ్మా. కానీ ఎవరి జీతంతో పోల్చి అడిగారో ఆ మనిషే పని వేరంటున్నాడు" అంది. పనులు ఒకటని రుజువు కాలేదని తర్వాత ఉత్తర్వు వచ్చింది. అప్పీలు చేసుకోవచ్చట.

విచారణ అయిన రోజే లేబరాఫీసు మెట్ల మీద ఆయన్ని నిలదీశాను. "నీ జీతం తగ్గదని చెప్పిన గద! ఎందుకట్లన్నవ్?"

"జీతం కాదే. కార్డులొచ్చినప్పటి సంది మగోళ్లమంత మెషీన్ ఆపరేటర్లమని చెప్పుకుంటున్నం. గాళ్ల ముంగట బాత్రూములు కడుగుతనని చెప్పాల్నా?" అన్నాడు తల దించుకుని.

నేను కడగడం ఆయనకు సిగ్గనిపించలేదు. అదే నన్ను కోసేసింది.

ఉత్తర్వు వచ్చిన వారమే నరేందర్ మెషీన్‌ను మా ఆయన చేతికిచ్చాడు. అప్పీలుకు పోతే ఎవరైనా వచ్చి చూస్తారని భయం కాబోలు. నీళ్లు లాగడానికి వెనకున్న రబ్బరు పట్టీ దించాలని మా ఆయనకు తెలియదు. లిఫ్టుల ముందంతా నీళ్లు. మెడలో ఐడీ కార్డులున్న ఆఫీసు వాళ్లు బూట్లు తడవకుండా ఎత్తెత్తి అడుగులేస్తున్నారు.

"జ్యోతీ, జర రా" అని పిలిచాడు.

వెళ్లకపోతే ఆయన పని పోతుంది. కిరాయి కట్టేది ఇద్దరి జీతాలతోనే. వెళ్లాను. పట్టీ ఎలా దించాలో, నీళ్లు ఎంత వదలాలో, మలుపు దగ్గర ఎలా ఆగాలో అన్నీ చూపించాను. సాయంత్రానికి బాగానే నేర్చుకున్నాడు. ఇప్పుడు అది నిజంగానే ఆయన పని, రోజూ నడుపుతున్నాడు. ఎవరైనా వచ్చి చూసినా అదే కనబడుతుంది.

అప్పీలు కాగితం మీద సంతకం పెట్టమని ఉమాశ్రీ ఫోన్ చేస్తే, నేను వద్దన్నాను.