మందస రోడ్డులో అనుమానం

నాగసుధకు మొదట వచ్చిన అనుమానం ఇంకో ఆడమనిషి గురించి.

భర్త నిరంజన్ మందసలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమస్తా. ఐదున్నరకి బండి తీస్తే ఆరున్నరలోపు పలాసలో ఇంటికి చేరాలి. రెండు నెలలుగా ఎనిమిదవుతోంది. అడిగితే పని ఎక్కువంటాడు. కానీ ప్యాంటు అంచులకు పల్లేరుకాయలు, చొక్కా చేతులకు ఉతికినా వదలని జీడి సొన మరకలు. ఫైళ్ల మధ్య జీడి చెట్లెక్కడివి?

"బావా, నిజం సెప్పు. ఎక్కడికెల్తున్నావు?"

"ఎక్కడికీ లేదే. రోడ్డు బాగోలేదు, నెమ్మదిగా వత్తన్నాను."

మేనబావే. చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి. అబద్ధమాడితే కింది పెదవి కొరుక్కుంటాడు. ఇప్పుడూ కొరుక్కున్నాడు.

అతను స్నానానికి వెళ్లినప్పుడు ఫోను తీసి చూసింది. ఆడపేరు ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ ఫొటోలు. బండి ముందు చక్రం, మడ్‌గార్డు, హ్యాండిలు. ఒక్క వారంలో అరవై పైగా. నెట్‌లో వెతికినవాటిలో ఒకటే మాట పదే పదే: మందస రోడ్డు ప్రమాదం.

ఫోను ఎక్కడిదక్కడ పెట్టేసింది. ఇంకో ఆడమనిషైనా బాగుండేదనిపించింది. ఎవరినో గుద్దేసి దాస్తున్నాడు.

మర్నాడు తను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి స్కూటీ మీద మందస శివార్లకు వెళ్లి, ఒక టీ బడ్డీ దగ్గర ఆగింది. నిరంజన్ బండి దాటాక వెనకే బయల్దేరింది. జీడి తోటల మధ్య ఒక గొయ్యి ఉంది. బండి అందులో పడి లేచింది. కాస్త దూరం వెళ్లి ఆగాడు. వెనక్కి వచ్చాడు. దిగి రోడ్డు చూశాడు, కాలవలోకి తొంగి చూశాడు, తుప్పలు పక్కకు తీశాడు. ఫొటో తీసుకున్నాడు. బయల్దేరాడు. ఫర్లాంగు దాటాడో లేదో మళ్లీ తిరిగొచ్చాడు.

నాలుగోసారి తోటలోంచి ఒక ముసలామె కర్ర పట్టుకుని వచ్చింది. ఆ తోట ఆసామి రాజులమ్మ.

"దొరికినావురా! రోజూ సాయంత్రం తుప్పల్లో దూరుతున్నావు. మా జీడిపిక్కలు నువ్వేనా ఎత్తుకుపోతన్నది?"

నాగసుధ పరుగున వచ్చి అడ్డు నిలబడింది. "మా ఆయనమ్మా. దొంగ కాదు."

భార్యను చూసి నిరంజన్ ముఖం పాలిపోయింది. దాచడానికి ఇంక ఓపిక లేనట్టు రోడ్డు పక్కనే చతికిలబడ్డాడు.

"గోతిలో పడితే బండి కుదిపింది. మనిషి మీదకి ఎక్కిందేమోనని సూత్తన్నాను."

"ఎవులున్నారని ఎక్కడానికి?" అంది రాజులమ్మ. "పొద్దుట్నించీ ఇక్కడే ఉన్నాను. ఏటీ అవలేదు."

నిరంజన్ ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. ఒక్క క్షణమే.

"మజ్జిలో బువ్వకి ఎల్లినావా, అమ్మా?"

"ఎల్లినాను, ఎల్లనా మరి?"

అతను లేచి మళ్లీ కాలవ వైపు నడిచాడు. తను వచ్చింది సాయంత్రమని, ఆమె తిన్నది మధ్యాహ్నమని తెలియనివాడు కాదు. అయినా నడిచాడు. నాగసుధకు అప్పుడర్థమైంది, ఇతను నేరం దాచడం లేదు, లేని నేరాన్ని వెతుక్కుంటున్నాడని.

టెక్కలిలో మానసిక వైద్యురాలు లక్ష్మీప్రియ అంతా విని ఒకటే అడిగింది. "వెనక్కి వెళ్లి చూశాక నెమ్మది ఎంతసేపుంటుంది?"

"బండి స్టార్టు సేసేదాకా."

"దీన్ని ఓసీడీ అంటారు. మనిషిని గుద్దానేమో అన్న ఆలోచన మీరు పిలవకుండానే వస్తుంది. భయం పుడుతుంది. వెళ్లి చూస్తే భయం తగ్గుతుంది. దాంతో మీ బుర్ర ఏం నేర్చుకుంటోంది? చూశాను కాబట్టి బతికానని. అందుకే రేపు ఇంకా గట్టిగా చూడమంటుంది."

మందు రాసింది. దాంతో పాటు ఒక పట్టిక వేయించింది. ఏ పనికి ఎంత భయమో నూటికి లెక్క. వీధిలో స్పీడ్ బ్రేకరు దాటి తిరిగి చూడకపోవడం ముప్పై. పగలు మందస రోడ్డు అరవై. చీకటి పడే వేళ ఆ గొయ్యి తొంభై ఐదు. తక్కువ దాంతో మొదలు. బండి నడపడానికి అవసరమైనంతే అద్దం చూడాలి. ఫొటోలు వద్దు. భయం వచ్చినా దాన్ని తగ్గించే పనేదీ చేయకూడదు.

"నిజంగా ఎవులైనా పడుంటే?" నిరంజన్ గొంతులో కోపం. ఈమె తనను హంతకుణ్ణి చేస్తోందన్న అనుమానం.

"పడరని నేను రాసివ్వలేను. అలాంటి హామీ ఎవరికీ దొరకదు. అది లేకుండా ఇంటికి వెళ్లగలరని మీ బుర్రకు నేర్పాలి." నాగసుధ వైపు తిరిగింది. "ఏమీ కాలేదు కదా అని అడిగితే మీరూ లేదని చెప్పకండి. అదీ వెనక్కి వెళ్లి చూడడమే."

నాగసుధకు డాక్టరు మీద నమ్మకం కుదరలేదు. ఏడుస్తూ అడిగే మనిషికి ఒక్క మాట చెప్పకూడదా? ఇదేం వైద్యం? అయినా ఇంట్లో అతను అడిగినప్పుడల్లా పళ్లు బిగించి ఊరుకుంది.

మూడు వారాలు బాగానే సాగింది. నాలుగో వారం అతను భోజనం దగ్గర కళ్లు మూసుకుని కూర్చోవడం చూసి ఆమెకు అనుమానం వచ్చింది.

"బావా, ఏటి సేత్తన్నావు?"

దొంగలా ఉలిక్కిపడ్డాడు. "రోడ్డంతా మనసులో మళ్లీ సూసుకుంటన్నాను."

అదీ తిరిగి చూడడమేనంది డాక్టరు. అందుకే భయం అనుకున్నంత కరగలేదట. పట్టికలో దాన్నీ చేర్చింది.

గొయ్యి వంతు వచ్చిన సాయంత్రం నాగసుధ వెనక కూర్చుంది. బండి కుదిపింది. అతని వీపు చెమటతో తడిసిపోయింది.

"సుధా, తొంభై. తిప్పేత్తాను."

"భయమనిపిస్తే అనిపించనీ. నడుపు."

ఇల్లు చేరాక గోడకానుకుని కూర్చున్నాడు. ఎనభై ఐదు అన్నాడు. చాలాసేపు అలాగే ఉండి, డెబ్బై అన్నాడు. గంట దాటాక నలభై. ఎవరూ ఏమీ చెప్పలేదు, అతను ఏమీ చూడలేదు. అయినా తగ్గింది. వారం తర్వాత అదే గొయ్యి దగ్గర మొదలైందే అరవై దగ్గర.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం నాగసుధ పేపరు తీసింది. మందస రోడ్డులో గుర్తు తెలియని వాహనం ఢీకొని వృద్ధుడికి కాలు విరిగింది. నిన్న సాయంత్రం.

ఆమె ఆ ముక్క మళ్లీ చదివింది. నిన్న ఈయన కాస్త ఆలస్యంగా రాలేదూ? చెప్పుల శబ్దం విని పేపరు మడిచేసింది. నిరంజన్ ఆమె చేతిలోంచి తీసుకుని చదివాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు. అందులో ఏముందో అతనికంటే బాగా చదవగలవాళ్లు లేరు.

"నువ్వూ నన్ను అనుమానిత్తన్నావా?"

ఆమె అబద్ధం చెప్పలేకపోయింది. "ఎన్నింటికి దాటినావు బావా?"

"నాకు గుర్తున్నంతలో మామూలుగానే దాటినాను. నేను గుద్దినట్టు నాకేటీ తెలీదు. ఇంతకుమించి తవ్వితే పొద్దుగూకినా తేలదు." పెదవి కొరుక్కోలేదు. "ఎనభైలో ఉంది. ఆఫీసుకెల్తాను."

బండి తీసి వెళ్లిపోయాడు. బడిలో రోజంతా ఆమె చెయ్యి ఫోను మీదకు పోతూనే ఉంది. పలాసలో ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది, ఒక్క ఫోను చేస్తే చాలు. చేయలేదు. ఇన్నాళ్లూ అతను ఏం మోశాడో మొదటిసారి తన గుండెల్లో తెలిసింది. సాయంత్రం ఆఖరి గంట కొట్టేసరికి అది కాస్త పలచబడింది.

నాలుగు రోజులకు ఆ వృద్ధుణ్ణి గుద్దిన లారీ డ్రైవరు దొరికాడని వీధిలో అనుకున్నారు. ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు నిరంజన్ చారు కలుపుకుంటున్నాడు.

"ఆ ముసలాయనకి ఎలగుందట?" అని అడిగాడు.