మొదటి ప్రతిలోని చివరి మాట

పొద్దున నిద్ర లేచేసరికి పుల్లారావు గొంతు పోయింది.

నెల రోజులుగా అది పోతూనే ఉంది. గుంటూరు పెద్దాసుపత్రి డాక్టరు గొంతులోకి గొట్టం దించి చూశాడు. ముక్క తీసి పరీక్షకు పంపాడు. పుండు స్వరపేటిక మీదే ఉందనీ, మొత్తం తీసేయక తప్పదనీ చెప్పాడు. సోమవారం ఆపరేషన్. ఆ తర్వాత మెడకు రంధ్రం ఉంటుంది. మాట ఉండదు.

పుల్లారావు అంతా విని, "శనివారం మాచర్లలో నాటకముంది. అది ఆడొస్తా" అన్నాడు.

ఇవాళే శనివారం.

నరసరావుపేటలో అతనికి పురుగుమందుల కొట్టుంది. అది తిండి పెట్టింది. అతను బతికింది మాత్రం పాతికేళ్లుగా స్టేజీ మీద. మైకు చెడిపోయినా చివరి వరుస దాకా వినిపించే గొంతని పల్నాడంతా పేరు. ఆ గొంతుతో ఒక్క నాటకం చివరిదాకా ఆడి, తెర పడ్డాక దిగిపోవాలి. అతను అడుగుతున్నది అంతే.

నాటక పోటీలు పెట్టిన పరిషత్తు వాళ్లు మాచర్ల బడిలో ఒక గది ఇచ్చారు. బల్లలు గోడకు నెట్టి చాపలు పరిచారు. పుల్లారావు మధ్యలో నిలబడి చివరి రంగం మొదలుపెట్టాడు. రాళ్ల క్వారీలో మందు పేలి కొడుకు చనిపోతాడు. ముసలి తండ్రి శవం పక్కన నిలబడి యజమానిని, లోకాన్ని, దేవుణ్ణి నిలదీస్తాడు. రెండు పేజీల ప్రసంగం.

నాలుగో వాక్యం దగ్గర గొంతు చీలింది. ఐదో వాక్యానికి గాలి తప్ప ఏమీ రాలేదు.

ప్రాంప్టరు అలీ సాహెబ్ గోరువెచ్చని ఉప్పునీళ్ల గ్లాసు అందించాడు. పేటలో దర్జీ. ఈ ట్రూపుకు మొదటినుంచీ తెర పక్కన నిలబడి మాట అందించేది ఆయనే.

"అన్నా, నా మాటిను. నువ్వు పెదాలాడించు. నేను పక్కనుంచి చెబుతా. చీకట్లో ఎవురికి తెలుస్తది?"

"నీ గొంతు నాకు పెడతావా?" పుల్లారావు గుసగుసగా నవ్వాడు. "మేక అరిచినట్టుంటది, సాయిబూ. నేను చచ్చినా ఒప్పుకోను."

"అరిచే మేక నయం గదన్నా, అరవని పులి కంటే."

పుల్లారావు నవ్వబోయి దగ్గాడు. తువ్వాలు నోటికి పెట్టుకున్నాడు. తీసి, దాన్ని ఎవరూ చూడకుండా మడిచాడు.

రచయిత గోపాలకృష్ణయ్య గోడ పక్కన కూర్చుని పెన్సిల్‌తో ప్రసంగం కత్తిరిస్తున్నాడు. రిజిస్ట్రార్ ఆఫీసులో గుమాస్తా. సగం కోశాడు. చదివి వినిపించాడు. బాగాలేదు. ఇంకో సగం కోశాడు. ఇంకా అధ్వాన్నంగా ఉంది. తల తీసేసిన ప్రసంగం తోక ఆడిస్తున్నట్టుంది.

"ముందు రాసినప్పుడు ఇంత లేదు గదయ్యా," అన్నాడు అలీ సాహెబ్. "తండ్రి రెండే ముక్కలంటాడు. ఏంది అది?"

గోపాలకృష్ణయ్య పెన్సిల్ ఆపాడు. గుర్తుంది. గుర్తున్నట్టే ఉంది.

"అన్నం తినకుండానే పోయాడయ్యా నా కొడుకు."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇది కాదు," అన్నాడు అలీ సాహెబ్. "అప్పుడు విని కుట్టే బట్ట పక్కన పెట్టేశా. ఇది వింటే కుడుతూనే ఉంటా."

గోపాలకృష్ణయ్య లేచి మూలనున్న గుడ్డ సంచీ తెచ్చాడు.

ఆ సంచీ మీద ట్రూపులో ఎప్పటినుంచో వేళాకోళం. గోపాలకృష్ణయ్య ఏ ప్రతినీ చింపడు. ప్రతి దాని మీదా వరస సంఖ్య, తారీఖు వేస్తాడు. కొత్త ప్రతి రాసేటప్పుడు పాతదాని మీద దిద్దడు, మొత్తం వేరే కాగితాల మీద ఎత్తి రాస్తాడు. రిహార్సల్లో మార్పు వస్తే ఆ మాట కనిపించేలా ఒక్క గీత మాత్రమే కొడతాడు. పైన ఒక చీటీ గుచ్చుతాడు. ఏం తీశాను, ఏం పెట్టాను, ఎవరన్నారు, ఎందుకు. నాటకం ఏ ఊరు వెళితే ఆ ప్రతుల కట్ట ఆ ఊరు వెళ్లాల్సిందే. "చచ్చిన మాటలకు కాటికాపరివిరా నువ్వు" అని పుల్లారావు ఊరూరా ఏడిపించేవాడు.

ఇప్పుడు ఏడిపించలేదు. చాప మీద కూర్చుని చూస్తున్నాడు.

గోపాలకృష్ణయ్య పైనుంచి ఒక్కో ప్రతీ తీస్తూ వెనక్కి వెళ్లాడు. ఐదో ప్రతి, ఈ ఏప్రిల్‌ది, పరిషత్తుకు పంపినది. చీటీ: "ప్రసంగంలో దేవుడి ప్రస్తావన కలిపాను. ప్రాక్టీసు చూసిన పెద్దలు అడిగారు." నాలుగోది, మార్చి నెలది: "పిడుగురాళ్లలో చప్పట్లు రాలేదు. అరపేజీ పెంచాను." మూడోది: "యజమానికి జవాబు కలిపాను. న్యాయం చెప్పినట్టు ఉండాలన్నారు." ఒక్కో చీటీకి ఒక్కో కారణం. ఒక్కొక్కటీ విడిగా చూస్తే సబబుగానే ఉంది.

అన్నిటికంటే అడుగున మొదటి ప్రతి. 1984 జనవరి 20. చివరి కాగితం తీశాడు. మేస్త్రీ వచ్చి చనిపోయినవాడి చెప్పులు, తువ్వాలు, అన్నం క్యారేజీ తండ్రికిస్తాడు. తండ్రి చెప్పులు కింద పెడతాడు. తువ్వాలు భుజాన వేసుకుంటాడు. క్యారేజీ పైకెత్తుతాడు. ఆగుతాడు.

"బరువుగానే ఉందయ్యా. తినలేదు."

తెర.

అలీ సాహెబ్ చేతిలోని గ్లాసు కింద పెట్టాడు.

గోపాలకృష్ణయ్యకు అప్పుడు తెలిసింది, తన జ్ఞాపకం ఏం చేసిందో. అందులో తండ్రి కొడుకన్నాడు, పోయాడన్నాడు, అన్నమన్నాడు. అన్నీ విప్పి చెప్పేశాడు. అసలు మాటలో ముందు బరువు చేతికి తెలుస్తుంది. ఆ తర్వాతే నోటికి. క్వారీ గేటు బయట ఓ ముసలాయన నోట విని, అదే సాయంత్రం రాసుకున్న మాట అది. తారీఖు వేసి దాచకపోతే ఇవాళ తన తప్పు మాటే అసలుదని ప్రమాణం చేసి ఉండేవాడు.

"ఇది చెప్పగలవు," అన్నాడు పుల్లారావుతో. "రెండే ముక్కలు."

"ఇంత మంచిమాట తీసిందెవుడురా?" అడిగాడు పుల్లారావు.

గోపాలకృష్ణయ్య రెండో ప్రతిని అతని ముందుకు జరిపాడు. పుల్లారావు చెయ్యి చాచి తీసుకున్నాడు. చీటీ చదివాడు.

"ఫిబ్రవరి 12. తీసింది: తండ్రి చివరి మాట, క్యారేజీ. పెట్టింది: ఒక పేజీ ప్రసంగం. అన్నది: పుల్లారావు. కారణం: 'ఇంత గొంతు పెట్టుకుని రెండు ముక్కలు చెప్పి దిగిపోవాల్నా?'"

పుల్లారావు చీటీని జాగ్రత్తగా దాని చోట గుచ్చి, ప్రతిని కట్టలో పెట్టాడు.

"క్యారేజీ ఏదిరా?" అన్నాడు.

అలీ సాహెబ్ తన సంచీలోంచి మూడు గిన్నెల క్యారేజీ తీశాడు. ఇంటావిడ హజ్రా బీ కట్టిచ్చినది. ఇంకా మూత తియ్యలేదు.

"అన్నం వేరే గిన్నెలో పెట్టుకుని ఇస్తానుండు."

"వద్దు. అట్టాగే ఇయ్యి."

"మరి నేను తినేదేంది?"

"తెర పడ్డాక తిందువుగాని. ఒక్కరోజు పస్తుంటే దర్జీవాడు చావడు."

సాయంత్రం పరిషత్తు కార్యదర్శి కబురు విని వచ్చాడు. ముందుగా పంపిన ప్రతికి భిన్నంగా ముగింపు ఆడితే న్యాయనిర్ణేతలు మార్కులు కోస్తారని చెప్పాడు. బహుమతి ఆశ వదులుకోమన్నాడు. పుల్లారావు చేతులు జోడించాడు. మాట ఖర్చు చెయ్యలేదు.

నాటకం మొదలైంది. అలీ సాహెబ్ ఒక ఉపాయం పన్నాడు. మధ్య రంగాల్లో తండ్రి మాటలు వీలైనన్ని కోడలి పాత్రకు మళ్లించాడు. మిగిలినవి పుల్లారావు పొడిగా, ముక్కలు ముక్కలుగా అన్నాడు. జనం మొదట గుసగుసలాడారు. ఆ గొంతు కోసమే వచ్చినవాళ్లు వాళ్లు. తర్వాత సర్దుకున్నారు.

చివరి రంగం. మేస్త్రీ చెప్పులిచ్చాడు. తువ్వాలు ఇచ్చాడు. క్యారేజీ ఇచ్చాడు.

పుల్లారావు క్యారేజీ అందుకున్నాడు. చెయ్యి కిందికి జారింది. పైకెత్తాడు. ఇంకొంచెం ఎత్తాడు.

"బరువుగానే ఉందయ్యా."

గరుకుగా, ఊకలాగా వచ్చింది. పైన వేలాడే మైకు సగమే అందుకుంది. తెర పక్కన అలీ సాహెబ్ రెండో మాట పెదాల మీద పెట్టుకుని నిలబడ్డాడు. పుల్లారావు నోరు తెరిచాడు. రాలేదు. మళ్లీ తెరిచాడు. మెడ నరాలు పొంగాయి. అలీ సాహెబ్ గట్టిగా గాలి పీల్చాడు, మాట అందిద్దామని. పుల్లారావు అతనివైపు తిరగకుండానే ఎడమచెయ్యి కొంచెం కదిపాడు. వద్దని.

"తినలేదు."

మొదటి రెండు వరుసలకే వినిపించింది.

తెర పడింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. వెనకనుంచి ఎవరో "ఏమన్నాడు, ఏమన్నాడు?" అన్నారు. ముందువాళ్లు వెనక్కి తిరిగి చెప్పారు. వాళ్లు తమ వెనకవాళ్లకు చెప్పారు. ఆ మాట వరుస తర్వాత వరుసగా పందిరి చివరిదాకా వెళ్లింది. అది వెళ్తున్నంతసేపూ పుల్లారావు తెర వెనక క్యారేజీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. అదే అతను ఆడిన ఆఖరి మాట. ఆసుపత్రికి వెళ్లేదాకా మళ్లీ నోరు విప్పలేదు.

బహుమతి రాలేదు.

ఆపరేషనయ్యాక గోపాలకృష్ణయ్య గుంటూరు వెళ్లాడు. పుల్లారావు మెడకు కట్టు, మధ్యలో గొట్టం. ఊపిరి అందులోంచి ఈలలా వస్తోంది. పక్కన పలక, బలపం.

గోపాలకృష్ణయ్య ఆరో ప్రతి తెచ్చాడు. పైన గుచ్చిన చీటీలో తీసింది, పెట్టింది, అన్నీ రాసి ఉన్నాయి. చివర: "కారణం: పుల్లారావు గొంతు."

పుల్లారావు చదివాడు. చేత్తో సైగ చేసి పెన్ను అడిగాడు. ఆ మాట మీద ఒక్క గీత కొట్టాడు, కింది అక్షరాలు కనబడేలా. పక్కన రాశాడు: "కారణం: మొదటిదే సరైంది. గొంతున్నా ఇంతే." తారీఖు వేశాడు. పేరు రాశాడు.

దసరా లోపలే పోయాడు.

మరుసటి ఏడాది నాటకం మళ్లీ ఆడదామన్నారు. తండ్రి పాత్రకు రాజారత్నం దొరికాడు. బ్యాంకు ఉద్యోగి, కుర్రవాడు, గొంతు కంచులా ఉంది. మొదటి రిహార్సల్లోనే గోపాలకృష్ణయ్య దగ్గరకొచ్చాడు.

"సార్, చివర్లో రెండు పేజీల డైలాగుండేదంట గదా? మీ కట్టలో ఉందన్నారు. అది నాకియ్యండి. పందిరి లేపేస్తా."

గోపాలకృష్ణయ్య కట్ట విప్పి రెండు చీటీలు అతని ముందు పెట్టాడు. ఫిబ్రవరిది ఒకటి. ఆసుపత్రిలోది ఒకటి.

రాజారత్నం నిలబడే చదివాడు. మళ్లీ చదివాడు. బల్ల మీదున్న నాటకం క్యారేజీ తీసుకుని ఎత్తి చూశాడు.

"సాయిబు గారూ," అన్నాడు. "ఇది ఖాళీగా ఉంది. కాస్త అన్నం పెట్టించండి."