జత కుదిరినంత మాత్రాన

పీహెచ్‌డీ వైవాలో గైడు నోరు విప్పకూడదు. వెనక కుర్చీలో ఆయన పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాడు. శిష్యురాలి పట్టా ఈ ఒక్క ప్రశ్న మీద ఆగి ఉంది.

"'అమ్మ అక్కకి పుస్తకం, చెల్లికి పెన్ను ఇచ్చింది' అంటాం కదమ్మా. 'అక్కకి పుస్తకం'తో 'చెల్లికి పెన్ను' జత చక్కగా కుదిరింది. మరి 'అక్కకి పుస్తకం' ఒకే పదబంధం కాదంటావేం?" అన్నాడు పరీక్షకుడు.

"జత కుదరడం ఒక్క సాక్ష్యమే సార్, అదొక్కటే చాలదు. 'అక్కకి' బదులు 'ఆమెకి', 'పుస్తకం' బదులు 'అది' పెట్టొచ్చు. రెంటికీ కలిపి ఒక్క మాట పెట్టలేం. 'పుస్తకం అమ్మ అక్కకి ఇచ్చింది' అని పుస్తకాన్ని ఒక్కదాన్నే ముందుకి జరపొచ్చు కూడా."

"మీ గైడు చెప్పారా?"

"లేదు సార్. ఆయనా మొదట మీలాగే అన్నారు. చాన్నాళ్లు పోట్లాడాను."

గదిలో అందరూ నవ్వారు. శిష్యురాలి చేతిలో ఓడిపోయిన తనకి ఛాతీ ఎందుకు పొంగుతోందో గైడుకి అంతుబట్టలేదు. పట్టాకి సిఫార్సు కాగితం మీద సంతకానికి పరీక్షకుడు జేబులు తడుముకుంటుంటే, గైడే లేచి వెళ్ళి తన పెన్ను అందించాడు.