బెల్లం నిండుకుంది

ఉగాది సేల్ అంటే ఊరికి సంబరం, నాకు తలనొప్పి. సోమందేపల్లెలో హైవే పక్కనున్న దివాకరన్న సూపర్ మార్కెట్లో పదకొండేళ్లుగా గోడౌన్ చూసుకుంటున్నాను. సేల్ తొమ్మిది రోజులు. ఎనిమిదో రోజు పండగ. ఆ తొమ్మిది రోజుల్లో రాక్ ఖాళీగా కనబడితే ఇమ్మానుయేల్ ఏం చేస్తున్నాడంటారు. సేల్ అయ్యాక సరుకు మిగిలినా ఇమ్మానుయేల్ ఏం చేశాడంటారు. మధ్యలో కరెక్టుగా సరిపోయిన సరుకు గురించి మాత్రం ఎవరూ నా పేరెత్తరు.

ఈ ఏడు ఆర్డర్ల లిస్టు నేను వేయలేదు. దివాకరన్న అక్క కొడుకు ప్రవీణ్ వేశాడు. పుట్టింది, చదివింది బెంగళూరులో. నిరుడు సేల్ అయిన తర్వాత వచ్చి, పాత పుస్తకాలన్నీ కంప్యూటర్లో ఎక్కించాడు. మంచి పిల్లోడే, పని దొంగ కాడు. లిస్టు ప్రింటు తీసి నా ముందు పెట్టి సంతకం చేయమన్నాడు. నాలుగు పేజీలు. ఆ రోజు పొద్దున్నించి నూనె డబ్బాలు దించి నడుం పట్టేసింది. చదివే ఓపిక లేక సంతకం గీకేశాను. నా తప్పు అక్కడే మొదలైంది, కాదు, అంతకు ముందే మొదలైందని తర్వాత తెలిసింది.

సేల్‌కు పది రోజులుందనగా బెల్లం వచ్చింది. దిమ్మెలు లెక్కబెడితే మూడు వందల కిలోలు. మిగతా బండి ఎప్పుడని డ్రైవర్ని అడిగితే, ఇంతేనన్నాడు. ఉగాదికి మా వైపు ఓళిగలు, అదే బొబ్బట్లు, చేయని ఇల్లు లేదు. మూడు వందల కిలోల బెల్లం ఏ మూలకు?

ప్రవీణ్ దగ్గరికి పోయాను.

"ఏమప్పా, బెల్లం ఇంతేనా?"

"అవునన్నా. నిరుడు సేల్‌లో మూడు వందల అరవై అమ్మినారు. అయినా ఎక్సెస్ ఉండె. అందుకే తగ్గించినా."

"ఎక్సెస్సా? ఎవురు చెప్పినారు?"

స్క్రీన్ నా వైపు తిప్పాడు. పక్కన నిరుటి రాక్ పుస్తకం ఫోటో. నాలుగో రోజు పేజీలో గుండ్రటి అక్షరాలు: 'బెల్లం - నిండుకుంది. మధ్యాన్నం ఒంటి గంట.' అది అప్పట్లో ఆ రాక్ చూసుకున్న గంగక్క చేతిరాత.

"చూడన్నా, నాలుగో రోజు మధ్యాన్నానికే రాక్ నిండిపోయిందని ఆమే రాసింది. తరువాత అయిదు రోజులు సేల్ జీరో."

నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మా అంగట్లో 'లేదు' అనే మాట పలకకూడదు, రాయకూడదు. ఇది దివాకరన్న తల్లి చెన్నమ్మ పెట్టిన నియమం. ఆమె చిన్న కిరాణా కొట్టుగా మొదలుపెట్టిన నాటి నుంచీ అంతే. సరుకు అయిపోతే 'నిండుకుంది' అనాలి. ఇంట్లో బియ్యం అయిపోతే ఆడవాళ్లు అనే మాటే. గంగక్క ఎనిమిదేళ్లు ఆ మాటనే నిజాయితీగా, టైముతో సహా రాసింది. ఈ పిల్లోడు దాన్ని ఫుల్లు స్టాకని చదువుకున్నాడు.

"నిండుకుంది అంటే అయిపోయింది అప్పా. ఒగ గడ్డ గూడా లేదని."

వాడు నమ్మలేదు. ఫుల్ అని రాసి నిల్ అంటారా అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "అయితే అన్నా... జూన్‌లో నలుగురిని తీసేసినాం కదా. ఎవరి రాక్‌లో ఎక్కువ సార్లు ఫుల్ అని ఉంటే వాళ్ల సరుకు కదలలేదని లిస్టు చేసినా. గంగక్క మొదటి పేరు."

ఆ కాగితం మీద కూడా నా సంతకం ఉంది. పైనుంచి వచ్చిందని చేసేశాను. గంగక్క ఆ రోజు ఎందుకన్నా అని అడిగితే, నాకేం తెలుసక్కా అన్నాను. నిజంగానే తెలియదు. తెలుసుకోలేదు, అదీ అసలు సంగతి.

ఇద్దరం మేడమీద దివాకరన్న దగ్గరికి పోయాం. చెన్నమ్మవ్వ కిటికీ దగ్గర మంచంలో కూర్చుని ఉంది. దివాకరన్న మా ఇద్దరి మాటా విని తల్లి వైపు తిరిగాడు. అవ్వ మనవడిని ఎగాదిగా చూసింది.

"ఇంట్లో బియ్యం లేవని యా ఆడదైనా నోటితో అంటాదేమిరా? నిండుకున్నాయి అంటాది. అంగడైనా అంతే. ఇది గూడా చెప్పల్లా నీకు?"

దివాకరన్న కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆయనకు తప్పు అర్థమైంది, కానీ ఒప్పుకునే రకం కాదు.

"సరే, ఎంత తెప్పియ్యల్లంటావు?"

"లెక్క ఏసి చెప్తా అన్నా. ఒగటి అడుగుతా. గంగక్కను మళ్లా పనిలోకి పిలిపియ్యండి."

"ఏమప్పా, నువ్వు గూడా బేరాలు మొదలుపెట్నావా? విను. సేల్‌లో రాక్ ఖాళీ పడినా, అయినాక గోడౌన్లో సరుకు గుట్టలు మిగిలినా, నువ్వు గూడా ఇంటికి పో. సరిగ్గా వస్తే ఆయమ్మను పిలుచుకో. పో."

కిందికొచ్చి ప్రవీణ్, నేను బిల్లుల కంప్యూటర్ ముందు కూర్చున్నాం. మామూలు రోజుల్లో బెల్లం రోజుకు ఇరవై అయిదు కిలోలు పోతుంది. నిరుడు సేల్‌లో మొదటి రోజు అరవై, రెండో రోజు తొంభై, మూడో రోజు నూటముప్పై. నాలుగో రోజు ఒంటి గంటకే ఎనభై పోయి, నిండుకుంది. ఆ తర్వాత ఎంత తిరిగినా మార్కెట్టులో సరుకు దొరకలేదు.

"అప్పా, అమ్మింది వేరే, అడిగింది వేరే. మూడు వందల అరవై మనం అమ్మింది. అంతకన్నా మన దగ్గర లేదు కాబట్టి అంతే అమ్మినాం. జనం ఎంత అడిగినారో అది చెప్పదు."

"మరి అడిగింది ఎట్ల తెలుస్తాది?"

"ఒంటి గంటకు రోజు అమ్మకంలో ఎన్నో వంతు అయితాదో చూడు."

వాడు చూశాడు. పదిలో నాలుగు వంతులు. సాయంత్రం పొలాల నుంచి, కూలి పనుల నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ మరి. అంటే నాలుగో రోజు సరుకుండుంటే రెండు వందలు పోయేది. అక్కడి నుంచి పండగ ముందు రోజు దాకా పెరుగుతూనే పోతుంది. రెండు వందల యాభై, మూడు వందలు, మూడు వందల యాభై. పండగ పొద్దున ఇంకో వంద, మరుసటి రోజు ముప్పై. అంతా కలిపితే పదిహేను వందల పది. ప్రవీణ్ నోరు తెరిచాడు.

"అంతా తెప్పిద్దామా?"

"వద్దు. ఎదురుగా కొత్త అంగడి పడింది. పదమూడు వందలు చాలు. అది గూడా ఒగేసారి వద్దు."

హిందూపురం మార్కెట్టులో బెల్లం వ్యాపారి రామదాసుకు ఫోన్ చేశాను. ముందు ఇంకో నాలుగు వందలు పంపమని, ఆరు వందలు పక్కన పెట్టమని, అయిదో రోజు పొద్దున ఎంత కావాలో చెబుతానని ఒప్పించాను. బతిమాలాను అనడం సబబు.

కూల్‌డ్రింకు సీసాల సంగతి దీనికి తలకిందులు. మామూలుగా తొమ్మిది రోజుల్లో నాలుగు వందలు పోతాయి. వాటి పక్కన గంగక్క 'నిండుకుంది' అని రాయలేదు కాబట్టి, రెండు కొంటే ఒకటి ఉచితమన్నాం కాబట్టి, ప్రవీణ్ ఏకంగా రెండున్నర రెట్లు, వెయ్యి వేశాడు.

"ఆఫర్‌లో కొంటారప్పా, కానీ వచ్చే నెలవి గూడా ఇప్పుడే కొంటారు. సేల్ అయినాక నెల దినాలు ఎవురూ ఆ రాక్ తట్టు చూడరు. పైగా సీసా మీద తేదీ ఉంటాది. కందిబేడలు మిగిలితే వచ్చే నెల అమ్ముకుంటాం. ఇది మిగిలితే పారబోయల్ల."

కందిపప్పు ధారాళంగా ఉంచాం. సీసాలు ఏడు వందలకు తగ్గించి, మిగతావి డీలర్ దగ్గరే ఉండనిచ్చాం.

సేల్ మొదలైంది. బెల్లం మొదటి రోజు అరవై, తర్వాత ఎనభై, నూట పది, నూటయాభై. నాలుగో రోజు మూసే వేళకు నాలుగు వందలు. నేను అనుకున్నది నాలుగు వందల ఎనభై. ఎదురంగడి తినేసింది. అయిదో రోజు తెల్లారింది. రామదాసుకు మాట చెప్పాల్సింది ఇప్పుడే. ఎక్కువ చెబితే ఎండకు కరిగి చీమలు పట్టే బెల్లం, తక్కువ చెబితే ఖాళీ రాక్. రెండింటికీ నేనే ఇంటికి పోవాలి, గంగక్క ఇంట్లోనే ఉండాలి.

"అన్నా, మనం అనుకున్న దాంట్లో ఆరుకు అయిదు వంతులు పోతాంది," అన్నాడు ప్రవీణ్. "మిగిలిన రోజులకు వెయ్యీ ముప్పై అనుకున్నాం. ఆ లెక్కన ఎనిమిది వందల యాభై ఎనిమిది. చేతిలో మూడు వందలు ఉండాయి."

'ఉండాయి' అన్నాడు. ఈ నేల మాట వాడి నోటికి మెల్లగా పడుతోంది. రామదాసుకు అయిదు వందల యాభై చెప్పాను. చెప్పాక ఆ రోజు అన్నం సయించలేదు.

పండగ ముందు రోజు సాయంత్రం రాక్ దగ్గర కాలు పెట్టే చోటు లేదు. దిమ్మె తెచ్చి పెట్టడం, అది పోవడం. వీపు విరిగిపోయింది. అయినా ఎవరినీ ఉత్త చేతులతో పంపలేదు. తొమ్మిదో రోజు మూసే వేళకు బెల్లం ఇరవై రెండు కిలోలు మిగిలింది. మామూలుగా ఒక్క రోజు అమ్మకం కూడా కాదు. సీసాలు ముప్పై ఒకటి.

దివాకరన్న గోడౌన్ అంతా తిరిగి చూశాడు. బెల్లం మాట ఎత్తలేదు.

"ఆ ముప్పై సీసాలు ఎందుకు మిగిలినాయి?" అన్నాడు. తర్వాత గుమ్మం దగ్గర ఆగి, "ఆయమ్మను రమ్మను," అని మేడెక్కిపోయాడు.

నాకు ఆనందంతో ఎగరాలనిపించాలి. ఒళ్లు కదల్లేదు. బియ్యం మూటల మీద కూలబడి, ప్రవీణ్ పక్కనుండగానే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. అటువైపు కుట్టు మిషన్ల రొద. గంగక్క ఇప్పుడు బట్టల ఫ్యాక్టరీలో ఉంది.

జరిగిందంతా చెప్పాను. ఆమె రాసిన మాట ఎట్లా తిరగబడిందో, ఆమెను తీసేసిన కాగితం మీద నా సంతకం ఉందని కూడా చెప్పాను. క్షమించమన్నాను. ఆ మాట అనడానికి తొమ్మిది నెలలు ఆలస్యమైంది.

"సరిగ్గా రాసినందుకు తీసేసినారన్న మాట," అంది ఆమె.

"అవునక్కా. రేపటి నుంచి వచ్చెయ్యి. అదే రాక్. పుస్తకం గూడా నీదే."

అటు దగ్గర్లో ఒక మిషన్ ఆగిన చప్పుడు వినబడింది.

"ఆ దినం నిన్ను ఎందుకన్నా అని అడిగితిని. ఒగ మాట కనుక్కుని చెప్పింటే సరిపోయేది. నీ మింద కోపం లేదన్నా, ఇంగ రాను. నాకు ఓపిక నిండుకుంది."

ఫోన్ పెట్టేసింది. ప్రవీణ్ నా మొహంలోకి చూసి తల దించుకున్నాడు. ఈసారి ఆ మాటకు అర్థం ఏమిటని అడగలేదు.