తెర వెనక మందు

నగల దుకాణం తెరిచిన రోజున నా చేతిలో ఉన్నది ఆరడుగుల గాజు బల్ల, ఒక తక్కెడ, మా నాన్న వాడిన భూతద్దం, లెక్కలు నాకన్నా బాగా వచ్చిన భార్య. ఇవి కాక ఒక రహస్యం.

మాసిన నగ తెచ్చిన వాళ్లను కూర్చోబెట్టి, నగను తెర వెనక్కి తీసుకెళ్లి, అరగంటలో తళతళలాడించి ఇచ్చేవాణ్ణి. "ఏం మందు వేస్తారండీ?" అని అడిగితే, "అది మా ఇంటి విద్య. మీరు మాత్రం ఇంట్లో చెయ్యి పెట్టకండి" అనేవాణ్ణి. మనిషి మళ్లీ నెలకి వస్తాడు. వచ్చినవాడు ఉత్త చేతులతో పోడు. వ్యాపారమంటే గడప తొక్కించడమేనని నా నమ్మకం.

మా పక్కన లాండ్రీ నడిపే ఆవిడ నన్ను అన్నయ్యా అనేది. ఆమె భర్త పోయే ముందు సంవత్సరం, నా దగ్గరే ఒక ఉంగరం కొన్నాడు. పద్నాలుగు క్యారెట్ల బంగారం, నాలుగు సన్నని కొక్కేలు పట్టుకున్న ఒక్క వజ్రం. ఆయన చేతిమీదుగా ఆమెకు మిగిలిన బంగారం అదొక్కటే.

ఒక పొద్దున్న ఆమె ఇస్త్రీ పెట్టె కూడా ఆపకుండా పరిగెత్తుకొచ్చింది. గుప్పిట్లో ఉంగరం ఉంది. రాయి లేదు.

భూతద్దం పెట్టి చూశాను. రెండు కొక్కేలు విరిగాయి. మిగిలిన రెండింటికీ సన్నని పగుళ్లు. బంగారం రంగు దిగి మట్టిలా ఉంది.

"చెల్లెమ్మా, దీన్ని దేంట్లో పెట్టావు?"

"బట్టలు తెల్లబడే బ్లీచ్‌లోనే అన్నయ్యా. వారం వారం రాత్రి నానబెట్టి, పొద్దున్న కడుగుతున్నా. దీనికెంత మెరుపొచ్చిందో మొదట్లో!"

"బ్లీచ్ ఎవరు వెయ్యమన్నారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు. మీరు తెర వెనక వేసేది అంత ఘాటు మందేమో అనుకున్నా. నా దగ్గరున్న ఘాటు మందు అదే కదా. నెలనెలా మిమ్మల్ని ఊరికే అడగడానికి మొహమాటమేసింది."

మా మాటలు విని లెక్కలు పక్కన పెట్టి మా ఆవిడ వచ్చింది.

"చెప్పండి, ఆ గొప్ప విద్యేంటో. ఇద్దరం వింటాం."

"గిన్నెలు తోమే ద్రవం," అన్నాను. "రెండు చుక్కలు. గోరువెచ్చని నీళ్లలో."

లాండ్రీ ఆవిడ నావైపు అలాగే చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

"ముందు రాయి సంగతి చూడండి," అంది మా ఆవిడ. "ఆ నీళ్లు ఎక్కడ పారబోశావమ్మా?"

"సింకులో వదినా. ఇప్పుడే."

"తరవాత కొళాయి తిప్పావా?"

"లేదు. రాయి లేదని చూడగానే ఇటే వచ్చా."

లాండ్రీలో సింకు కింద ఇరుకులో నేను వెల్లకిలా పడుకున్నాను. కింద బకెట్ పెట్టి, వంపు తిరిగిన పైపు మరలు విప్పాను. నల్లటి నీళ్లు, బొత్తాలు, నూలు ముద్దలు పడ్డాయి. ఆమె ఒక్కో ముద్దనూ వేళ్లతో విడదీసింది. నాలుగో ముద్దలో చేతికి గట్టిగా తగిలింది.

"బొత్తామేమో," అంది, చూడ్డానికి భయపడుతూ.

నేను కడిగి భూతద్దం కింద పెట్టాను. బ్లీచ్ బంగారంలో కలిపిన లోహాలను తినేస్తుందే గాని వజ్రాన్ని ఏమీ చెయ్యదు. ఒక్క గీత లేదు.

కొత్త కొక్కేలు కట్టి ఇచ్చిన రోజున తెర పక్కకు లాగి, ఆమెను నా ఎదురుగా కూర్చోబెట్టి చూపించాను. ముందు ఉంగరం చెవి దగ్గర పెట్టి మెల్లగా కదపాలి, రాయి వదులై గలగలమంటే కడగకూడదు, దుకాణానికి తేవాలి. లేకపోతే గిన్నెలో ఆ రెండు చుక్కల నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, పసిపిల్లల మెత్తని పళ్ల బ్రష్‌తో రాయి వెనకవైపు తోమాలి, చెమటా నూనే పేరుకునేది అక్కడే. వేరే గిన్నెలో కడగాలి, సింకులో కాదు. మెత్తని బట్టతో ఒత్తాలి. బ్లీచ్ దగ్గరికి రానివ్వకూడదు. టూత్‌పేస్టు బంగారాన్ని గీస్తుంది. ముత్యమున్నవైతే ఇలా నానబెట్టనే కూడదు.

"ఇంతేనా అన్నయ్యా?"

"ఇంతే."

"దీనికి తెర ఎందుకు మరి?"

మా ఆవిడ నవ్వింది, అప్పుడు ఆమె కూడా నవ్వింది. ఆ ఇద్దరి నవ్వూ ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

అప్పటి నుంచి ప్రతి కొనుగోలుదారుకూ ఈ పని చూపించి పంపాను. నష్టం: నెలనెలా కడిగించుకోవడానికి వచ్చేవాళ్లు తగ్గారు. లాభం: ఏడాదికోసారి కొక్కేలు చూపించుకోవడానికి నమ్మకంగా వచ్చేవాళ్లు పెరిగారు. అన్నిటికన్నా పై లాభం, లాండ్రీ ఆవిడ బ్లీచ్ ముట్టే ముందు ఆ ఉంగరం తీసి అరలో పెట్టి, పని కాగానే మళ్లీ వేలికి పెట్టుకుంటూ ఇరవై రెండేళ్లు లాండ్రీ నడిపింది. ఒక్క కొక్కెం విరగలేదు.